చీర కనబడాలి, పేరు నిలవాలి

వస్తువు ఫోటో మీద అమ్మకందారు పేరును, కింద ఉన్న బొమ్మ పూర్తిగా మూసుకుపోకుండా, పలచటి అక్షరాలతో ముద్రించడాన్ని వాటర్‌మార్క్ వేయడం అంటారు. ఫోటో ఎన్ని చేతులు మారినా అది ఎవరిదో ఆ అక్షరాలు చెబుతూనే ఉంటాయి. ఒకటి రెండు ఫోటోలకైతే ఈ పని ఫోన్‌లోనే అయిపోతుంది. ఒక ఫోల్డర్ నిండా ఉన్న ఫోటోలకు ఒకే తీరున, ఒకే కొలతలో పేరు పడాలంటే మాత్రం కంప్యూటర్‌కు ఒక్కసారి ఆదేశమిచ్చి, మిగతాది దానికి వదిలేయడమే మేలు. ఆ ఆదేశాన్ని ఎలా రాయాలో, అందులో ఏ ముక్క ఎందుకుందో, ఎక్కడ తేడా కొడుతుందో తెలుసుకోవడానికి మంగళగిరి చేనేత చీరల వ్యాపారం మంచి ఉదాహరణ. చీర ఒళ్ళంతా ఒకే రంగు, అంచున నిజాం జరీ, రంగులు హాఫ్‌వైట్ నుంచి ముదురు మెరూన్ దాకా. వాటర్‌మార్క్‌కు ఎదురయ్యే చిక్కులన్నీ ఆ ఒక్క బీరువాలోనే ఉన్నాయి.

కొత్త సరుకు రాగానే దుకాణదారు ఒక్కో చీరను ఆరేసి ఫోటో తీస్తారు, వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. సాయంత్రానికి అవే ఫోటోలు వేరే గ్రూపుల్లో, వేరే ఫోన్ నంబర్‌తో, వేరే ధరతో తిరుగుతుంటాయి. ఆ చీర ఒక్కటే ఉందని తెలియని కొనుగోలుదారు ఎవరికో డబ్బు పంపి మోసపోతే, అసలు దుకాణం పేరే చెడుతుంది. అందుకే ఫోటో మీద పేరు కావాలి. కానీ ఆ పేరు చీరను కప్పేస్తే అమ్మకమే జరగదు. నేత ఎంత దగ్గరగా ఉందో, అంచులో జరీ ఎంత వెడల్పుందో చూసే చీర కొంటారు. ఈ రెండు అవసరాల మధ్య రాజీయే సగం పారదర్శకమైన అక్షరం.

ఆ పారదర్శకత వెనుక ఉన్న లెక్క చిన్నదే, దాన్ని అర్థం చేసుకుంటే సగం పొరపాట్లు ముందే తప్పుతాయి. డిజిటల్ ఫోటోలో ప్రతి చుక్క వెలుగునూ 0 నుంచి 255 వరకు ఉన్న అంకెతో కొలుస్తారు. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. (రంగు ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు వేర్వేరుగా ఇలాంటి అంకెలుంటాయి, లెక్క మాత్రం అదే.) తెల్లని అక్షరాన్ని 45 శాతం గాఢతతో వేస్తే, అక్షరం పడిన చోట కొత్త విలువలో 55 శాతం చీరది, 45 శాతం తెలుపుది. మెరూన్ చీర విలువ 90 అనుకుంటే, 90లో 55 శాతం సుమారు 49, 255లో 45 శాతం సుమారు 115, మొత్తం 164. చుట్టూ 90 ఉండగా మధ్యలో 164 అంటే అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది. అదే పేరును హాఫ్‌వైట్ చీర మీద వేస్తే? చీర విలువ 245, లెక్క కడితే వచ్చేది సుమారు 249. నాలుగు మెట్ల తేడాను కన్ను పట్టుకోలేదు. అక్షరం పడింది, కానీ లేనట్టే.

కొందరు దీనికి విరుగుడుగా గాఢతను 70, 80 శాతానికి పెంచుతారు. దానివల్ల ముదురు చీరలు పాడవుతాయి తప్ప లేతరంగు చీరకు ఒరిగేదేమీ లేదు. తెలుపును ఎంత పెంచినా 245 మీద 255కు మించి వెళ్ళదు కదా. సరైన విరుగుడు అదే పేరును రెండుసార్లు వేయడం: ముందు నల్లగా, 35 శాతం గాఢతతో, మూడు చుక్కలు కిందకూ కుడికీ జరిపి, దాని మీద తెల్లగా, 45 శాతం గాఢతతో. ఇప్పుడు హాఫ్‌వైట్ చీర మీద లెక్క చూస్తే, నల్ల పొర 245ను 159కి దించుతుంది, దాని మీద పడ్డ తెల్ల పొర 202కు తెస్తుంది. చుట్టూ 245, అక్షరం లోపల 202, అక్షరం ఒక పక్కన సన్నటి గీతలా 159. మెరూన్ మీద అదే రెండు పొరలు 90ని 147 చేస్తాయి. రెండు చీరల మీదా పేరు చదవవచ్చు, రెండింటిలోనూ కింద ఉన్న నేత కనిపిస్తూనే ఉంటుంది. ఫోల్డర్‌లో లేత, ముదురు రంగులు కలిసి ఉన్నప్పుడు ఈ జంట పొర తప్పనిసరి. ప్రతి ఫోటోకూ విడిగా రంగు ఎంచుకునే తీరిక ఎవరికీ ఉండదు.

ఈ పనికి వాడదగిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌మ్యాజిక్. జాన్ క్రిస్టీ అనే ప్రోగ్రామర్ 1987లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో పనిచేస్తూ దీన్ని రాయడం మొదలుపెట్టారు, 1990లో అందరికీ విడుదలైంది. ఇందులో మెనూలు, బటన్లు నొక్కే పని దాదాపు ఉండదు. ఆదేశాన్ని టైపు చేసి ఎంటర్ కొట్టాలి. కొత్తవారికి మొదట ఇది బెరుకుగా అనిపిస్తుంది. అయితే ఒకసారి కుదిరిన ఆదేశాన్ని రాసి పెట్టుకుంటే, వచ్చే నెల సరుకుకూ అదే పనికొస్తుంది, అక్షరం కొలత, చోటు, గాఢత ఇసుమంత కూడా మారవు. టైపు చేయడం అసలు గిట్టనివారికి ఎక్స్ఎన్‌కన్వర్ట్, ఇర్ఫాన్‌వ్యూ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఇదే పనిని కిటికీల్లో ఎంపికలు నొక్కి చేసుకునే వీలుంది. వాటిలోనూ కింద చెప్పే వరుస, జాగ్రత్తలు మారవు.

విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మొదటి వరుస టైపు చేస్తే ఇమేజ్‌మ్యాజిక్ దిగుతుంది. ఆ కిటికీని మూసి, మళ్ళీ తెరిచి రెండో వరుస కొడితే వెర్షన్ నంబర్ కనిపిస్తుంది.

```
winget install ImageMagick.ImageMagick
magick -version
```

నంబర్ 7తో మొదలైతే ఇక్కడి ఆదేశాలన్నీ ఉన్నవి ఉన్నట్టు పనిచేస్తాయి. పాత వెర్షన్ 6 కోసం రాసిన సలహాల్లో `convert` అనే ఆదేశం కనిపిస్తుంది. విండోస్‌లో ఆ పేరుతో వేరే ప్రోగ్రామ్ ఉంది, అది డిస్క్ ఫార్మాట్‌ను మార్చేది. కాబట్టి విండోస్‌లో ఎప్పుడూ `magick` తోనే మొదలుపెట్టాలి.

ఆదేశం కంటే ముందు ఫోల్డర్లు, ఫైళ్ళ పేర్లు సర్దుకోవాలి. అసలు ఫోటోలకు ఒక ఫోల్డర్, పేరు పడినవాటికి వేరే ఫోల్డర్ ఉండాలి. ఇది శుభ్రత కోసం చెప్పే మాట కాదు. ఫోల్డర్ మొత్తం మీద పనిచేసే `mogrify` అనే ఆదేశం, వేరే చోటు చూపించకపోతే, అసలు ఫైలు మీదే కొత్తదాన్ని రాసేస్తుంది. హెచ్చరిక ఉండదు, వెనక్కి తిప్పే మార్గమూ ఉండదు. జేపెగ్ ఫోటోలో పొరలు ఉండవు, కాబట్టి అక్షరం ఒకసారి పడ్డాక కింద ఉన్న చుక్కల అసలు విలువలు ఆ ఫైల్‌లో మిగలవు. చీర అమ్ముడై వెళ్ళిపోయి ఉంటే మళ్ళీ ఫోటో తీసే అవకాశం కూడా ఉండదు.

ఫైలు పేరు సంగతి చాలామంది పట్టించుకోరు, నిజానికి ఈ పద్ధతిలో ఎక్కువ లాభం అక్కడే ఉంది. ఫోన్ కెమెరా పెట్టే పేర్లు తేదీ, సమయాల అంకెలతో పొడుగ్గా ఉంటాయి. వాటి బదులు ప్రతి ఫోటోకూ చీర కోడ్‌నే పేరుగా పెడితే, అంటే `M-101.jpg`, `M-102.jpg` అని, ఇమేజ్‌మ్యాజిక్ ఆ కోడ్‌ను తనంతట తానే చదివి దుకాణం పేరు పక్కన ముద్రిస్తుంది. కొనేవారు ఆ ఫోటోను తిరిగి పంపి ధర అడిగినప్పుడు, అది ఏ చీరో వెతకనక్కర్లేదు. గ్రూపుల్లో చేతులు మారి వచ్చిన ఫోటో మీద కూడా కోడ్ ఉంటుంది కాబట్టి ఆ చీర ఉందో, అమ్ముడైందో వెంటనే చెప్పవచ్చు.

అసలు ఫోటోలు `C:\cheeralu\asalu` లో ఉన్నాయనుకుంటే, మొత్తం పని ఇంతే:

```
cd /d C:\cheeralu\asalu
mkdir ..\peruto
magick mogrify -path ../peruto -auto-orient ^
 -resize "1600x1600>" -gravity center ^
 -font "C:/Windows/Fonts/arialbd.ttf" -pointsize 90 ^
 -fill "rgba(0,0,0,0.35)" ^
 -annotate 330x330+3+3 "SHOP NAME %t" ^
 -fill "rgba(255,255,255,0.45)" ^
 -annotate 330x330+0+0 "SHOP NAME %t" ^
 +profile exif -quality 88 *.jpg
```

వరుస చివర ఉన్న ^ గుర్తుకు అర్థం ఆదేశం ఇంకా అయిపోలేదని. అంతా ఒకే వరుసలో రాస్తే ఆ గుర్తు అక్కర్లేదు. `SHOP NAME` ఉన్న రెండు చోట్లా దుకాణం పేరు రాయాలి. `%t` ని మాత్రం ముట్టుకోకూడదు, ఫైలు పేరు వచ్చి కూర్చునే చోటు అదే. `rgba` లో మొదటి మూడు అంకెలు రంగు, నాలుగోది గాఢత. `-annotate` తర్వాత ఉన్న 330 అక్షరాల వాలు: పేరు ఎడమ కింది నుంచి కుడి పైకి 30 డిగ్రీలు ఎక్కుతుంది. `-path` చూపే ఫోల్డర్ ముందే ఉండాలి, ఇమేజ్‌మ్యాజిక్ దాన్ని సృష్టించదు. రెండో వరుసలో `mkdir` ఉన్నది అందుకే.

ఈ ఆదేశంలో ముక్కల వరుస చాలా ముఖ్యం, ఎందుకంటే ఇమేజ్‌మ్యాజిక్ ఎడమ నుంచి కుడికి చదువుతూ, చదివింది చదివినట్టే చేసుకుపోతుంది. `-auto-orient` అన్నిటికంటే ముందుండటానికి కారణం ఫోన్ల తీరు. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినా, చాలా ఫోన్లు ఫోటోను అడ్డంగానే దాచి, చూపించేటప్పుడు తిప్పి చూపమని ఫైల్‌లో ఒక చిన్న గుర్తు రాసి ఉంచుతాయి. ఆ గుర్తును పట్టించుకోకుండా అక్షరాలు వేస్తే అవి అడ్డంగా ఉన్న బొమ్మ మీద పడతాయి. తర్వాత ఫోన్‌లో తెరిచినప్పుడు చీర నిలువుగా, పేరు పక్కకు ఒరిగి కనిపిస్తుంది. ఫోల్డర్‌లో కొన్ని ఫోటోల మీద పేరు సరిగ్గా, కొన్నిటి మీద పక్కకు తిరిగి ఉంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. `-auto-orient` ఆ గుర్తు చెప్పినట్టు చుక్కలనే తిప్పి పెడుతుంది, ఆ తర్వాత వేసిన అక్షరం ఎక్కడ తెరిచినా నిటారుగానే ఉంటుంది.

రెండోది కొలత. అక్షరం ఎత్తును 90 అంటే సుమారు 90 చుక్కలు. ఇప్పటి ఫోన్ తీసే 4000 చుక్కల ఫోటో మీద అది మూలన ఉన్న మచ్చలా ఉంటుంది, 1000 చుక్కల పాత ఫోటో మీద చీరంతా ఆక్రమిస్తుంది. అందుకే ముందు `-resize` తో ప్రతి ఫోటోనూ 1600 చుక్కల చదరంలో పట్టేట్టు కుదించి, తర్వాతే అక్షరాలు వేయాలి. 3000, 4000 చుక్కల నిలువు ఫోటో 1200, 1600 అవుతుంది. పదిహేను ఇంగ్లీషు అక్షరాల పేరు అందులో దాదాపు 900 చుక్కలు తీసుకుంటుంది, వాలుగా వేశాక అటూ ఇటూ చోటు మిగులుతుంది. చివరన ఉన్న > గుర్తు పెద్ద ఫోటోలను మాత్రమే కుదించమని చెబుతుంది, చిన్నవాటిని సాగదీసి మసకబార్చదు. ఆ గుర్తు చుట్టూ కొటేషన్లు మరిచిపోతే మాత్రం విండోస్ దాన్ని వేరే అర్థంలో తీసుకుంటుంది: కొత్త ఫైల్‌లోకి రాయమన్నట్టు. పేరు పొడుగైతే అక్షరం కొలతను 70కో 60కో తగ్గించుకోవచ్చు. అయితే సన్నటి అక్షరాల ఫాంట్‌కు మారకూడదు. వాట్సాప్ ఫోటోను మళ్ళీ కుదిస్తుంది, ఆ కుదింపులో సన్నగీతలు ముందు కరిగిపోతాయి. ఇక్కడ లావు అక్షరాల ఏరియల్‌ను ఎంచుకున్నది అందుకే.

`+profile exif` గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, ఫోటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు ఫైల్‌లో చేరతాయి. ఇంట్లోనే చీరలు అమ్మే మహిళలు ఎందరో ఉన్నారు; వారి ఇంటి జాడ ప్రతి ఫోటోతోపాటూ ఊరేగడం మంచిది కాదు. ఈ ముక్క ఆ సమాచారాన్ని తీసేస్తుంది. ఇదే పనికి చాలామంది `-strip` అనే ఆదేశం సూచిస్తారు, చీరల ఫోటోలకు అది తగదు. అది లొకేషన్‌తోపాటు రంగుల ప్రొఫైల్‌ను కూడా తుడిచేస్తుంది. ఐఫోన్ లాంటి ఫోన్లు విశాలమైన రంగుల పరిధిలో ఫోటో తీసి, ఆ రంగులను ఎలా చదవాలో ప్రొఫైల్‌లో రాస్తాయి. అది లేకపోతే అదే ఫైలు పేలవంగా కనిపిస్తుంది. తీరా చీర చేతికి వచ్చాక రంగు వేరని కొన్నవారు తిప్పి పంపితే నష్టం దుకాణానిదే.

మొత్తం ఫోల్డర్ మీద ఆదేశం నడిపే ముందు మూడే మూడు ఫోటోలను వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి అక్కడ నడిపి చూడాలి. ఆ మూడింటినీ ఎంచుకోవడంలో ఉంది నేర్పు: ఉన్నవాటిలో అత్యంత లేత చీర, అత్యంత ముదురు చీర, జరీ ఎక్కువగా మెరిసే చీర. మొదటి రెండింటి మీద పేరు చదవగలిగితే మధ్య రంగులన్నిటి మీదా చదవగలం. మూడోది వేరే రకం పరీక్ష. మెరిసే జరీ గీతల మధ్య అక్షరం అంచులు కలిసిపోతాయి, గాఢత సరిపోయినా ఆకారం చిక్కదు. అలా జరిగితే గాఢత పెంచకుండా అక్షరం కొలత పెంచాలి. ఫలితాన్ని కంప్యూటర్ తెర మీద చూసి తృప్తిపడకూడదు. ఫోటోను ఫోన్‌కు వాట్సాప్‌లో పంపి, ఆ చిన్న తెర మీద చూడాలి. పేరూ కోడూ తడుముకోకుండా చదవగలిగి, అంచు నేత కూడా స్పష్టంగా ఉంటే కొలతలు కుదిరినట్టే. కోడ్‌లోని అంకెల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. 3, 8 ఒకదానిలా ఒకటి కనిపిస్తుంటే అక్షరం చిన్నదైందని అర్థం.

పేరు ఎక్కడ పడాలన్నది అభిరుచి ప్రశ్నలా కనిపిస్తుంది, కానీ దానికి గట్టి కారణాలున్నాయి. మూలన వేసిన పేరును ఫోన్‌లో ఒక్క వేలితో కత్తిరించి పారేయవచ్చు. ఒకే రంగున్న ఒంటి భాగం మీద వేసినదాన్ని చెరిపే సాఫ్ట్‌వేర్ తేలిగ్గా చెరిపేస్తుంది, పక్కన ఉన్న రంగును తెచ్చి పూస్తే చాలు కాబట్టి. జరీ గీతలు, గళ్ళు ఉన్నచోట చెరపడం కష్టం, పూసిన చోట గీతలు తెగినట్టు తెలిసిపోతుంది. కాబట్టి పేరు ఒంటి భాగం నుంచి అంచు మీదకు ఎక్కేలా వాలుగా వేయడం మంచిది. ఫోటో తీసేటప్పుడే మధ్యభాగంలో ఒంటి, అంచు కలిసే చోటు వచ్చేలా చీరను పరిస్తే, పైన ఇచ్చిన ఆదేశంలోని నడిమి స్థానం అందుకు సరిగ్గా సరిపోతుంది.

పని అయ్యాక మొదట చూడవలసింది లెక్క. అసలు ఫోల్డర్‌లో 180 ఫోటోలుంటే రెండో ఫోల్డర్‌లోనూ 180 ఉండాలి. ఫోల్డర్ తెరిస్తే కిటికీ అడుగున ఆ సంఖ్య కనిపిస్తుంది. 163 మాత్రమే ఉన్నాయంటే మిగతా 17 ఫైళ్ళు వేరే రకానివన్నమాట. సాధారణంగా అవి ఐఫోన్‌లో తీసినవి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఫోటోలను `.HEIC` అనే రకంలో దాచడం మొదలుపెట్టాయి. ఆదేశం చివర `*.jpg` అని ఉన్నప్పుడు ఇమేజ్‌మ్యాజిక్ వాటి వైపు చూడదు, చూడలేదని చెప్పదు కూడా. వాటి కోసం అదే ఆదేశాన్ని మరోసారి నడపాలి: `-path` ముందు `-format jpg` చేర్చి, చివర `*.heic` అని మార్చాలి. లినక్స్ వాడేవారికి ఇంకో చిక్కుంది. అక్కడ `.jpg`, `.JPG` రెండూ వేర్వేరు, రెండింటినీ విడిగా చెప్పాలి.

ప్రతిసారీ టైపు చేయలేక ఆదేశాన్ని `.bat` ఫైల్‌లో దాచుకునేవారికి ఎదురయ్యే చిక్కు మరొకటి ఉంది. బ్యాచ్ ఫైల్‌లో రెండు % గుర్తుల మధ్య ఉన్నదాన్ని విండోస్ ఒక పేరుగా భావించి, అలాంటి పేరు దొరక్కపోతే మొత్తం తీసేస్తుంది. పై ఆదేశాన్ని అంతా ఒకే వరుసలో రాస్తే ఆ వరుసలో % రెండుసార్లు వస్తుంది, కాబట్టి మధ్యలో ఉన్న తెల్ల రంగు ఆదేశమంతా మాయమై, అక్షరాలు ఒకే ఒక్కసారి నల్లగా, పక్కన వింత మాటతో పడతాయి. బ్యాచ్ ఫైల్‌లో రెండు చోట్లా `%%t` అని రాస్తే సరి.

పేరు తెలుగులో కావాలంటే ఇంకొంచెం శ్రద్ధ కావాలి. తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరంలా ఒకదాని పక్కన ఒకటి పేర్చితే తయారుకాదు. ‘శ్రీ’లో శకారం, రవత్తు, గుడిదీర్ఘం కలిసి ఒకే రూపం కావాలి. ఆ కలిపే పనిని రాక్మ్ అనే సహాయక సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అది లేని ఇమేజ్‌మ్యాజిక్‌తో రాయిస్తే వత్తులు విడిపోయి, పొల్లులు బయటపడి పేరు ముక్కలవుతుంది. `magick -version` చూపించే జాబితాలో `raqm` ఉంటే ఆ చిక్కు లేదు. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే మాత్రం తప్పు వేరే: `-font` లో ఇచ్చిన ఫాంట్‌లో తెలుగు లేదు. ఏరియల్‌లో తెలుగు అక్షరాలు లేవు, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఫైలు దారి ఇవ్వాలి.

ఇవన్నీ సరిచూసుకోవడం కంటే తేలికైన దారి ఒకటుంది. ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, లేదా పరిచయమున్న డీటీపీ సెంటర్‌లో, తెలుగు పేరును ఒక్కసారి అందంగా రాయించి, నల్ల నీడ, తెల్ల అక్షరం, గాఢత అన్నీ అందులోనే అమర్చి, వెనుక రంగు లేకుండా పీఎన్‌జీ ఫైల్‌గా దాచుకోవాలి. వెడల్పు 900 చుక్కలుంటే చాలు. జేపెగ్‌లా కాకుండా పీఎన్‌జీ పారదర్శకతను తనలో దాచుకోగలదు. ఆ ఫైల్‌ను `C:\cheeralu\peru.png` గా పెట్టి, ప్రతి ఫోటో మీదా ఇలా అతికించవచ్చు:

```
magick mogrify -path ../peruto -auto-orient ^
 -resize "1600x1600>" -gravity center ^
 -draw "image Over 0,0 0,0 '../peru.png'" ^
 +profile exif -quality 88 *.jpg
```

చీర కోడ్ కూడా కావాలంటే `-draw` వరుస తర్వాత, మొదటి ఆదేశంలోలాగే, ఇంగ్లీషు ఫాంట్‌తో `%t` ఒక్కదాన్నే కింది భాగంలో పడేలా చేర్చుకోవచ్చు. తెలుగు పేరు, ఇంగ్లీషు కోడ్ రెండూ ఉన్న ఫోటో మన కొనుగోలుదారులకు బాగా నప్పుతుంది.

ఇలా పేరు పడ్డ ఫోటోలు వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో పెట్టడానికే. అమెజాన్‌లో అమ్మేవారు ప్రధాన ఫోటోగా వీటిని ఇవ్వకూడదు. అక్కడ తెల్లని వెనుకభాగం ఉండాలి, ఫోటో మీద రాతలు, లోగోలు, వాటర్‌మార్క్‌లు ఉండకూడదన్న నిబంధన ఉంది. గూగుల్ షాపింగ్ జాబితాల్లోనూ వాటర్‌మార్క్ ఉన్న ఫోటోలను ఒప్పుకోరు. పేరు లేని ఫోటోల ఫోల్డర్‌ను విడిగా ఉంచుకోవలసిన అవసరం ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది.

వాటర్‌మార్క్ ఎంతవరకు కాపాడుతుందో కూడా తెలిసి ఉండాలి. 2017లో గూగుల్ పరిశోధకులు కంప్యూటర్ విజన్ సదస్సులో ఒక పత్రం సమర్పించారు. ఒకే వాటర్‌మార్క్ అనేక ఫోటోల మీద ఉన్నప్పుడు, ఆ ఫోటోలన్నిటినీ పక్కపక్కన పెట్టి లెక్కగడితే, ప్రతిదానిలోనూ మారకుండా ఉన్నది ఏదో కంప్యూటర్‌కు తెలిసిపోతుంది. దాని ఆకారం, గాఢత తేల్చి, ఫోటో నుంచి తీసివేయడమూ సాధ్యమేనని వారు చూపించారు. పైన రాసుకున్న కలిపే లెక్కనే వెనక్కి నడపడమన్నమాట. పేరు చోటు మార్చినా, గాఢత మార్చినా ఆ పద్ధతిని పెద్దగా అడ్డుకోలేమనీ, ప్రతి ఫోటోలో అక్షరాల ఆకారాన్ని కంటికి తెలియనంతగా వంచితే మాత్రం చెరిపినచోట మరకలు మిగులుతాయనీ కూడా వారే చెప్పారు. కోడ్ ప్రతి ఫోటోకూ మారుతుంది కాబట్టి ఆ అంకెలకు కొంత రక్షణ ఉంది, దుకాణం పేరుకు లేదు. చీరల గ్రూపుల్లో ఫోటోలు ఎత్తేవారు అంత దూరం వెళ్ళరు. వారికి కావలసింది వేగం, పేరు చెరిపే కష్టం కనిపిస్తే పేరు లేని వేరే ఫోటో వెతుక్కుంటారు. అంతటి రక్షణే ఈ పద్ధతి ఇవ్వగలిగింది, చిల్లర వ్యాపారానికి అది చాలావరకు సరిపోతుంది.

చెరిపినవారి మీద చట్టం కూడా ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో కళాకృతి కిందకు వస్తుంది, దాని మీద హక్కు రిజిస్ట్రేషన్ లేకుండానే పుడుతుంది. 2012 సవరణతో చేరిన 65బి సెక్షన్ ప్రకారం, కృతి మీద ఉన్న హక్కుల సమాచారాన్ని అనుమతి లేకుండా, తెలిసి తొలగించడం నేరం. రెండేళ్ళ వరకు జైలు, జరిమానా ఉండవచ్చు. హక్కుదారు పేరు ఆ సమాచారంలో భాగమని అదే చట్టంలోని నిర్వచనం చెబుతోంది. ఫోటో తనదేనని దుకాణదారు చూపించవలసి వస్తే, అక్కరకు వచ్చేది పేరు పడ్డ 1600 చుక్కల కాపీ కాదు. ఎత్తుకుపోయినవారి దగ్గర ఉన్నదీ అదే కదా. తీసిన తేదీ, ఫోన్ మోడల్ వివరాలు చెరగకుండా, పూర్తి కొలతలో ఉన్న మొదటి ఫైలు ఒక్క అసలు యజమాని దగ్గరే ఉంటుంది. అందుకని `asalu` ఫోల్డర్‌ను చీర అమ్ముడైనా తీసేయకుండా, కంప్యూటర్‌లో ఒక ప్రతి, బయటి డిస్క్‌లో ఇంకో ప్రతి ఉంచుకోవాలి.